కుర్చీ పాతది కాదని డీలరే ఉత్తరం రాశాడు: రీఫండ్‌తో పాటు మిగతా ఖర్చు ఎలా అడగాలి?

మార్చిలో ఢిల్లీ డీలర్ దగ్గర చండీగఢ్ ఆఫీసు కుర్చీ, అంటే 1950లలో అక్కడి ప్రభుత్వ ఆఫీసుల కోసం చేయించిన రకం, ఒకటి కొన్నాను. స్విస్ ఆర్కిటెక్ట్ పియర్ జెన్నరే డిజైన్, టేకు చెక్క, పేము అల్లిక. ధర 1,80,000. బిల్లులో "1950ల నాటి అసలు కుర్చీ" అని స్పష్టంగా ఉంది. హైదరాబాద్‌కు రవాణా 9,000, పేము మళ్ళీ అల్లించడానికి 14,000 అయ్యాయి.

అల్లిక విప్పినప్పుడే వడ్రంగికి అనుమానం వచ్చింది. సీటు కింద ప్లస్ స్క్రూలున్నాయి. వెనక పట్టీ మీద తెల్ల రంగు ఆఫీసు నంబరు పాత గీతల పైనుంచి చెక్కుచెదరకుండా వెళ్ళింది. నిజంగా పాతదైతే గీతలు ఆ రంగును కూడా చీల్చాలి కదా. ఫొటోలు డీలర్‌కు పంపాను.

పోయిన సోమవారం ఉత్తరం వచ్చింది. అది తర్వాత చేసిన నకలేనని ఒప్పుకున్నాడు. 15 రోజుల్లో కుర్చీ తిప్పి పంపితే 1,80,000 ఇస్తానన్నాడు. అయితే "ఇదే తుది పరిష్కారం, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద ముందు సంతకం పెట్టాలట. మిగతా 23,000 గురించి రెండుసార్లు ఫోన్ చేశాను, ఒక మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఆ కాగితం చూస్తేనే టెన్షన్‌గా ఉంది. సంతకం ఇంకా పెట్టలేదు, కుర్చీ నా దగ్గరే ఉంది.

వినియోగదారుల కేసులు తెలిసినవాళ్ళు చెప్పండి: రీఫండ్ చేజారకుండా, ఆ 23,000 అడిగే హక్కు కూడా పోకుండా ఉండాలంటే ఈ ఉత్తరానికి జవాబులో ఏమని రాయాలి?