తెలుగొకండ: ‘ఒకండ’నా, ‘కండ’నా?

పాఠాల పద్మ
నేను ఇంటర్ పిల్లలకి చరిత్ర చెప్తాను. ప్రాథమిక ఆధారాల మీద గంటన్నర పాఠం చెప్పి, దాన్నే ఒక పేజీ ప్రశ్నపత్రంలా మార్చాను. శాసనం ఇచ్చినా, పద్యం ఇచ్చినా, ఉత్తరం ఇచ్చినా అవే ప్రశ్నలతో దాన్ని విప్పి చూడాలని నా ఆశ. మొదటి ప్రయత్నంగా ఆముక్తమాల్యదలోని ‘తెలుగదేల యన్న’ పద్యం ఇచ్చాను. ‘ఎవరు చెప్పారు? ఎప్పుడు? ఎందుకు?’ అని మూడు గళ్ళు. తరగతి మొత్తం ‘శ్రీకృష్ణదేవరాయలు, 16వ శతాబ్దం, తెలుగు గొప్పదని చెప్పడానికి’ అని నింపేసి పది నిమిషాల్లో పెన్నులు మూసేశారు. ఒక్కరూ పద్యం చదవలేదు. పైగా ఒకబ్బాయి రెండో పాదాన్ని ‘తెలుగు వల్లభుండ తెలుగు కండ’ అని చదివాడు. కాదనబోయి ఆగిపోయాను, చివరి మాట నాకే సరిగా గుర్తు రాలేదు. ‘తెలుగొకండ’ కదా? దానికి అర్థం ఏం చెప్పాలి? పత్రంలో ఏం మార్చాలి?

గుంటూరు మిర్చి
కండ అంటే కలకండ మేడమ్. తెలుగు కండచక్కెర అన్నాడు రాయలు. మా తెలుగు మాస్టారు అలాగే చెప్పారు, ఇందులో చర్చేముంది?

యతిప్రాస
చర్చ ఉంది మిర్చిగారూ. పద్యం మొత్తం చూడండి: ‘తెలుఁగ దేల యన్న దేశంబు తెలుఁగేను / తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొకండ / యెల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి / దేశభాషలందుఁ దెలుఁగు లెస్స’. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. తెలుగు, వల్ల, భుండ, తెలుగొ, కండ. గణం ‘తెలుగొ’ దగ్గర విరుగుతుంది కాబట్టి పాడేటప్పుడు అక్కడ ఊపిరి ఆగుతుంది, చెవికి ‘కండ’ విడిగా వినపడుతుంది. మీ మాస్టారి కలకండ అక్కడే పుట్టింది. రాయలికి నిజంగా చక్కెరే కావాలంటే ‘తెలుగు కండ’ అన్నా గణం చక్కగా సరిపోయేది. మరి ఆ ‘ఒ’ ఎందుకు పెట్టినట్టు? అది ‘ఒకండ’లోని ‘ఒ’. ‘ఒకండను’, అంటే నేనొక తెలుగువాణ్ణి అని.

పాఠాల పద్మ
ఆ ‘నేను’ ఎవరు? పత్రంలో నా అసలు చిక్కు అదే.

యతిప్రాస
దేవుడు. కళింగ దండయాత్రకి వెళ్తూ రాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉంటే, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి చెప్పిన మాటలివి. బయటి కథ తెలియకపోయినా పద్యంలోంచే పట్టుకోవచ్చు. మూడో పాదంలో ‘ఎఱుఁగవే’ ఉంది, నీకు తెలియదా అని. ఎల్ల నృపులూ కొలిచేది ఆ ‘నిన్ను’. అంటే వినేవాడు రాజు. కాబట్టి మొదటి పాదంలో ‘ఏను’ అన్నవాడు రాజు కాడు. మీ ‘ఎవరు చెప్పారు’ గడిని రెండుగా చీల్చండి. రాసింది ఎవరు, పద్యంలో మాట్లాడేది ఎవరు. రెండోదానికి ‘ఏ మాట చూసి చెప్తున్నావు?’ అని పక్కన ఒక గీత పెట్టండి. ‘ఎఱుఁగవే’ అని రాయనివాడికి మార్కు లేదు.

డాలస్ బావ
నాకు పద్యాలు అంతగా రావు గానీ ఇది చదివాక మా తాత పొలం కాగితాలు తీశాను. ‘నేను నా ఇష్టపూర్తిగా వ్రాయించి ఇచ్చిన క్రయ దస్తావేజు’ అని ఉంది. ఆ ‘నేను’ పొలం అమ్మినాయన. కింద ఆయన వేలిముద్ర, పక్కన ‘నిశాని’ అని రాసి ఉంది. దస్తూరి ఇంకొకాయనది. ఆ ‘ఇష్టపూర్తిగా’ అన్నది అమ్మినాయన మాటా, రాసినాయన ప్రతి దస్తావేజులో దింపే మాటా? అన్నట్టు, పద్మగారికి కావాల్సింది వర్డ్ ఫైలయితే నా దగ్గర మంచి డిజైన్లు ఉన్నాయి.

పాఠాల పద్మ
డిజైన్ వద్దు గానీ దస్తావేజు ముక్క మాత్రం తీసుకుంటున్నా అన్నయ్యగారూ. పేర్లు కొట్టేసి రెండో నమూనాగా ఇస్తాను.

ఓరుగల్లు వాకిలి
అందరూ రెండో పాదం దగ్గరే కూర్చున్నారు. నాలుగో పాదం సంగతి? ‘దేశభాషలందు తెలుగు లెస్స’ రాయలు పుట్టించిన మాట కాదు. క్రీడాభిరామంలో ‘జనని సంస్కృతంబు సకల భాషలకును’ అని మొదలై రెండో పాదంలో ఇదే వస్తుంది. ఆ కావ్యం రాయల కంటే ముందుది. అక్కడ సంస్కృతం తల్లి, తెలుగు ఆడబిడ్డ, తల్లి కంటే సౌభాగ్యం ఉన్న కూతురే మెచ్చదగిందని సరదాగా చెప్తాడు. అంటే దేవుడి నోట రాయలు పెట్టింది అప్పటికే నలిగిన మాట. పత్రంలో ‘ఈ మాట ఇంతకు ముందు ఎక్కడైనా ఉందా?’ అనే ప్రశ్న లేకపోతే పిల్లలు దాన్ని ఒక రాజు సొంత అభిప్రాయం అనుకుంటారు.
శ్రీనాథుడిదే ఆ కావ్యం అనేవాళ్ళతో నేను ఏకీభవిస్తాను, ఆ నడక వినుకొండ వల్లభరాయుడికి వచ్చేది కాదు. ఓరుగల్లు వీధుల్లో టిట్టిభసెట్టిని వెంటబెట్టుకుని తిరిగే మంచనశర్మ నోట ఆ పద్యాలు వింటుంటే...

యతిప్రాస
మొదలైంది! శ్రీనాథుడి పేరు ఎత్తకుండా మీరు ఒక్క దారం ముగించరు.

తాళపత్రం
ఆలస్యంగా వచ్చాను. యతిప్రాసగారి ‘ఎఱుఁగవే’ వాదన గట్టిది. ‘ఒకండను’ మాత్రం నిలబడదు. ‘వల్లభుండఁ దెలుఁగు’ చూడండి, అరసున్న ఉంది, ‘తె’ కాస్తా ‘దె’ అయింది. అంటే ‘వల్లభుండన్’ చివర ద్రుతం ఉంది, నేను అనే అర్థం అక్కడుంది. ‘ఒకండ’ కూడా అలాంటిదే అయితే పక్క పాదం ‘నెల్ల నృపులు’ అని మొదలవ్వాలి. మనం చదివేది ‘యెల్ల నృపులు’. కాబట్టి చివరి మాటలో ద్రుతం లేదు. అది ‘ఒకండు’ మీద నొక్కి చెప్పే ‘అ’. ఒక్కటే, సాటిలేనిది అని.

యతిప్రాస
భాషని ‘ఒకండు’ అంటారా గురువుగారూ? మహద్వాచకం కదా, భాష అయితే ‘ఒకటి’ అనాలి.

గుంటూరు మిర్చి
చూశారా, ఒకటీ కుదరట్లేదు. కలకండలో ద్రుతమూ లేదు, మహత్తూ లేదు 😄

తాళపత్రం
మిర్చిగారి ‘ఒ’ ఇంకా గాల్లోనే ఉంది. నా అనుమానం ఆ ‘యె’ మీద. అది కవిదా, రాయసగాడిదా, అచ్చువేసిన పండితుడిదా? పద్మగారూ, మీ పత్రంలో ‘ఈ పాఠం మన చేతికి ఎవరి ద్వారా వచ్చింది?’ అని ఒక గడి ఉండాలి. మనం చూస్తున్నది 16వ శతాబ్దపు కాగితం కాదు కదా.

పాఠాల పద్మ
నిన్న రాత్రి తిరగరాశాను. పాఠంలో నేను చెప్పిన ప్రతి వాక్యాన్నీ పట్టుకుని, దీనికి జవాబు మూలంలో దొరుకుతుందా, నా నోట్సులోనే దొరుకుతుందా అని అడిగాను. నోట్సులోనే దొరికేది (రాయల పాలన 1509 నుంచి 1529, శ్రీకాకుళం, కల) పైన తలకట్టులో నేనే ఇచ్చేశాను, అది అడగడం జ్ఞాపకశక్తి పరీక్షే. మూలంలో దొరికేవే ప్రశ్నలు చేశాను. ముందు, అర్థం జోలికి పోకుండా, నిన్ను ఆపిన మాటలు మూడు రాయమన్నాను. తర్వాత మాట్లాడేదెవరు, వినేదెవరు, ఏ మాట సాక్ష్యం. ఆ తర్వాత వాకిలిగారి ప్రశ్న, క్రీడాభిరామం పద్యం పక్కనే ఇచ్చి. చివర ‘దీన్నిబట్టి చెప్పలేనిది ఏమిటి?’ దీనికి మాత్రం పెద్ద గడి.
ఇవాళ ఇచ్చాను. ‘రాజు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో దీన్నిబట్టి చెప్పలేం’ అని ఒకమ్మాయి రాసింది. ఇంకొకడు అదే గడిలో ‘దేవుడు నిజంగా కలలోకి వచ్చాడో లేదో’ అన్నాడు, దానికి మార్కు ఎంత వెయ్యాలో తెలియట్లేదు.

ఓరుగల్లు వాకిలి
పూర్తి మార్కు వెయ్యండి. మూరురాయర గండ అనే కన్నడ బిరుదు కూడా ఆ రాజుకే ఉందని ఆ అమ్మాయికి చెప్పండి, గడి ఇంకా పెద్దది కావాల్సొస్తుంది.

పాఠాల పద్మ
చెప్తాను. ‘తెలుగొకండ’ పక్కన ఏం రాయను మరి?

తాళపత్రం
ఎవరి దగ్గరైనా పాత అచ్చు ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి. యెల్లనా, నెల్లనా చూద్దాం.

గుంటూరు మిర్చి
అంతవరకూ కలకండే.