కీబోర్డు మీద డి, ఎఫ్ అక్షరాలు ఏడు నెలలకే పోనాయి, "లేజర్ ప్రింట్" అని ఇచ్చారు, ఇదెలగ?

నరసన్నపేట డీటీపీ:
అందరికీ నమస్కారమండి. మాది చిన్న డీటీపీ షాపు, తెలుగంతా ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లోనే కొడతాను. దసరా ముందు ఒక నల్ల కీబోర్డు కొన్నాను, 550 రూపాయలు, అమ్మినాయన "లేజర్ ప్రింటమ్మా, జన్మలో పోదు" అని చెప్పీసి ఇచ్చాడు. ఇప్పుడు చూస్తే డి మీద ఏటీ లేదు, నున్నగా ఉంది. ఎఫ్ మీద పై గీత ఒక్కటే మిగిలింది, ఈ అక్షరం సగమే ఉంది, జె, కె ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. అదే క్యూ, జెడ్ చూడండి, కొన్నరోజు ఎలగున్నాయో అలగే ఉన్నాయి. నాకు చూడక్కర్లేదు గాని కొత్తగా చేరిన పాప ప్రతి అక్షరానికీ "అక్కా డి ఏది" అని అడుగుతోంది. నా చేతుల్లో ఏదైనా లోపమా, కీబోర్డులో లోపమా? ఈసారి ఏది కొంటే పోకుండా ఉంటుంది?

ఆమదాలవలస జిరాక్స్:
అది ఫాంటు ప్రాబ్లం అక్కా. మా దగ్గరా అంతే, ఒత్తులన్నీ మాయమైపోయి డబ్బాలు డబ్బాలు వచ్చీవి, ఫాంటు తీసి మళ్లీ వేస్తే సరిపోయింది.

నరసన్నపేట డీటీపీ:
స్క్రీన్ మీద కాదు తమ్ముడూ, కీ బిళ్ల మీద అచ్చు అరిగిపోయింది.

ఆమదాలవలస జిరాక్స్:
ఓ, సారీ అక్కా, సగం చదివి రాసీసాను.

పలాస గేమర్:
అది ఏబీఎస్ ప్లాస్టిక్కు అక్కా, చవక కీబోర్డులన్నీ అదే. పీబీటీ అని ఇంకో ప్లాస్టిక్కు ఉంది, ఆ కీక్యాప్స్ సెట్టు ఒకటి ఆన్‌లైన్‌లో తీసుకుని మార్చీ, పీబీటీ అయితే అక్షరాలు పోవు. నాది రెండేళ్లయింది, చెక్కుచెదరలేదు.

బొబ్బిలి సర్వీస్:
తమ్ముడు సగం కరెక్టే చెప్పాడు, మిగతా సగం దగ్గర జనం డబ్బులు పోగొట్టుకుంటారు. బిళ్ల ఏ ప్లాస్టిక్కు అన్నది ఒక సంగతి, దాని మీద అక్షరం ఎలా పెట్టారన్నది ఇంకో సంగతి. పీబీటీ మీద కూడా పైపైన ఇంకు అద్దితే అది పోతుంది, ఏబీఎస్ అయినా రెండు రంగుల ప్లాస్టిక్కుతో పోత పోస్తే అక్షరం పోదు. ఏబీఎస్‌కి త్వరగా వచ్చేది నునుపు, చేతి రాపిడికి అద్దంలా మెరుస్తుంది, అక్షరం పోవడం వేరు.

అక్కా, ముందు మీ కీబోర్డుది ఏ అచ్చో చూద్దాం. క్యూ కీ మీద గోరు అడ్డంగా గీకండి, అక్షరం దగ్గర కొంచెం ఎత్తు తగులుతుందా? తర్వాత ఫోన్ టార్చి పక్కనుంచి పడేలా పెట్టి, సగం పోయిన ఈ అక్షరాన్ని జూమ్ చేసి చూడండి. అక్షరం సన్నబడి మాసిపోయిందా, పెచ్చులా లేచిందా? ఇంకోటి, కీబోర్డుకి కింద లైటు వెలుగుతుందా?

నరసన్నపేట డీటీపీ:
లైటు లేదండి. గోరుకి తగిలింది, చాలా కొంచెం, స్టిక్కరు అంచులాగ. ఈ మీద చూస్తే మధ్య గీత పూర్తిగా లేదు, కింద గీత చివర్న ముక్క లేచిపోయినట్టుంది. లేచిన చోట నల్లగా ఉంది, మిగతా బిళ్ల కంటే మెరుపు ఎక్కువ.

బొబ్బిలి సర్వీస్:
అయితే అది లేజర్ కాదక్కా, ప్యాడ్ ప్రింట్. గుంట చెక్కిన పలక మీద ఇంకు నింపి, మెత్తటి సిలికాన్ బుడిపెతో ఆ ఇంకు ఎత్తి బిళ్ల మీద ఒత్తేస్తారు. రబ్బరు స్టాంపుకి అన్నయ్య లాంటిది. చవకగా అయిపోతుంది, ఏ రంగైనా వేయొచ్చు, వంకర ఉపరితలం మీద కూడా పడుతుంది, అందుకే ఎక్కువ చవక కీబోర్డులకి ఇదే. దాని మీద పారదర్శకంగా ఒక పూత వేస్తారు. ఆ పూత ఉన్నంతకాలం అక్షరానికి ఏమీ అవ్వదు, అది అరిగాక ఇంకు ఒంటరిదైపోతుంది, ఇక తొందరగా పోతుంది. అందుకే ఆరు నెలలు ఏమీ కాలేదు, ఒక్కసారిగా పోయిందే అనిపిస్తుంది.

డి ఎందుకు ముందు పోయిందంటే మీరు ఇన్‌స్క్రిప్ట్ కొడుతున్నారు గనక. డి మీద పొల్లు ఉంది, ప్రతి ఒత్తుకీ అది నొక్కాలి. "స్వాతంత్ర్యం" అని ఒక్క మాట కొట్టండి, డి మూడుసార్లు. ఎఫ్ మీద గుడి, ఈ మీద దీర్ఘం, జె మీద ర, కె మీద క. ఇంగ్లీషు కొట్టేవాళ్ల కీబోర్డులో ఎక్కువగా ఈ, ఏ, ఎస్, ఎన్ ముందు పోతాయి. అరిగిన కీలు చూసి ఆ మనిషి ఏ భాష కొడతాడో నేను చెప్పేస్తాను, సరదాకి కాదు నిజంగానే. మీ చేతుల్లో లోపం లేదు, గోళ్లు పెరిగితే మాత్రం గోటి మొనే ఇంకుని గీకుతుంది. మన వేసవి చెమట, చేతికున్న నూనె కూడా తోడవుతాయి.

పలాస గేమర్:
మరి నా పాత కీబోర్డు సంగతేటన్నా? అది లైట్లది, నల్లది. దాంట్లో డబ్ల్యూ, ఏ అక్షరాలు చెరగలేదు, లావైపోనాయి. రాత్రిపూట లైటు వేస్తే ఆ అక్షరాలు బుడగల్లాగ వెలుగుతాయి, అంచు కనబడదు.

బొబ్బిలి సర్వీస్:
ఆ మాట కోసమే చూస్తున్నాను. అక్షరం తగ్గిపోతే పైన అద్దిన ఇంకు పోతోందని, అక్షరం పెరిగిపోతే చుట్టూ ఉన్న రంగు పోతోందని. నీ దాంట్లో బిళ్ల అసలు తెల్లగా, వెలుతురు దాటే ప్లాస్టిక్కు. దాని మీద మొత్తం నల్ల పెయింటు వేసి, లేజర్‌తో అక్షరం ఆకారంలో పెయింటు కాల్చి తీసేస్తారు. అంటే అక్షరం పెయింటు లేని చోటు, ఖాళీకి అరగడమేముంది, దాని అంచున ఉన్న పెయింటే అరుగుతుంది. కాబట్టి నీ కీబోర్డు కూడా "లేజర్" అనే అమ్ముడవుతుంది, అబద్ధం కూడా కాదు.

పెయింటు లేకుండా నేరుగా నల్ల బిళ్ల మీద లేజర్ కొట్టే రకం ఇంకోటుంది. అక్కడ ప్లాస్టిక్కు చిన్న చిన్న బుడగలు కట్టి బూడిద రంగు తెలుపు వస్తుంది. అదే తెల్ల బిళ్ల అయితే కాలి నల్లబడుతుంది. ఇవి ఇంకులా రాలిపోవు. కానీ గోరుకి ఇవి కూడా కొంచెం గరుగ్గా తగలొచ్చు, అందుకే గోరు పరీక్ష ఒక్కటే నమ్మొద్దు, పెచ్చు లేచిందా అన్నది కూడా చూడాలి.

రాజాం మాస్టారు:
ఆ బూడిద రంగు అక్షరాలవి మా స్కూల్లో ఉన్నాయండి. రెండేళ్లకి కనబడకుండా పోయాయి, పారేద్దామనుకున్నాం. మా ఆఫీసు కుర్రాడు తడిబట్టకి కొంచెం గిన్నెల సబ్బు పెట్టి తుడిస్తే అక్షరాలు మళ్లీ వచ్చేశాయి. మరి అది అరిగిపోవడం ఎలా అవుతుంది?

బొబ్బిలి సర్వీస్:
అది మురికి మాస్టారూ. ఆ బుడగల మీద గరుకు ఉంటుంది కదా, చేతి జిడ్డు అక్కడ పట్టుకుని బూడిద రంగు నల్లబడుతుంది. కనుక ఏదైనా పారేసే ముందు ఒకసారి తుడిచి చూడాలి. ప్యాడ్ ప్రింట్ మీద మాత్రం స్పిరిట్టూ శానిటైజరూ పెట్టి రుద్దొద్దు, ఉన్న ఇంకు కూడా లేచొస్తుంది.

నరసన్నపేట డీటీపీ:
మరి పోనివి ఏవండి? ఆ సంగతి చెప్పండి ముందు.

బొబ్బిలి సర్వీస్:
రెండున్నాయి. మన పొందూరు ఖద్దరు తెలుసు కదా, బట్ట మీద అచ్చు వేసిన అంచు వేరు, నేతలోనే వచ్చిన అంచు వేరు. డబుల్ షాట్ అంటే నేతలో వచ్చినది. అక్షరం ఒక రంగు ప్లాస్టిక్కు, చుట్టూ బిళ్ల ఇంకో రంగు, రెండు పోతలు. అక్షరం లోతు బిళ్ల మందమంతా ఉంటుంది, ఎంత అరిగినా కింద అక్షరమే. బిళ్ల ఊడదీసి తిరగేస్తే లోపల రెండో రంగు కనబడుతుంది, అదే గుర్తు. లైటు రకాల్లో ఓ, ఏ లాంటి అక్షరాల్లో చిన్న తెంపు కనబడితే ఎక్కువగా డబుల్ షాటే, లోపలి ముక్కకి ప్లాస్టిక్కు పారడానికి దారి అది.

రెండోది డై సబ్లిమేషన్. రంగుని వేడితో ప్లాస్టిక్కు లోపలికి ఎక్కిస్తారు, బట్టకి రంగు పట్టినట్టు. సుమారు 200 డిగ్రీల వేడి కావాలి, ఏబీఎస్ వంద దాటగానే మెత్తబడిపోతుంది, అందుకే ఇది పీబీటీ మీదే. పాత ఐబీఎం మోడల్ ఎమ్ కీబోర్డులు ఇలాంటివే, ఇప్పటికీ అక్షరం చదవొచ్చు. ఇబ్బందేమిటంటే రంగు లేత దాని మీద ముదురే ఎక్కుతుంది, నల్ల బిళ్ల మీద తెల్ల అక్షరం ఎక్కదు. అక్షరం వదిలేసి చుట్టూ ముదురు రంగు ఎక్కించే పద్ధతి ఉంది, అది ఖరీదు.

మీకు తెలుగు అక్షరాలు ఉన్న బిళ్లలు కావాలంటే డై సబ్ దొరికే అవకాశం ఎక్కువ. డబుల్ షాట్‌కి ఒక్కో అక్షరానికి ఒక్కో అచ్చు చేయాలి, తెలుగు కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు.

పలాస గేమర్:
అయితే అక్కకి పీబీటీ డబుల్ షాట్ సెట్టు చెప్పీమంటావా అన్నా?

బొబ్బిలి సర్వీస్:
చెప్పకు. అక్కది 550 మెంబ్రేన్ కీబోర్డు, లోపల రబ్బరు పొర రకం, దాని బిళ్ల కింద ప్లస్ ఆకారం కాడ ఉండదు, అమ్మే సెట్లు ఎక్కువగా ఆ కాడకే. కొంటే కూర్చోదు, రిటర్న్‌ పంపుకోవాలి. బిళ్లలు మార్చాలంటే ముందు ఒక్కో కీకి విడిగా స్విచ్చు ఉండే మెకానికల్ కీబోర్డు కొనాలి, అది ఖరీదు ఎక్కువ.

పలాస గేమర్:
పీబీటీ నిజమో కాదో ఉప్పునీళ్లతో తెలుస్తుందంట కదా, ఇప్పుడే చేశాను. గ్లాసు నీళ్లలో ఉప్పు కరగనంత వరకు వేసి, ఇంక అడుగున మిగిలిపోయాక బిళ్లలు వేశాను. నా సెట్టులో అక్షరాలన్నీ మునిగాయి, స్పేస్‌బార్ తేలింది! ఫుల్ పీబీటీ అని డబ్బులు తీసుకున్నారన్నా.

బొబ్బిలి సర్వీస్:
ముందు కింద గాలి బుడగ ఉందేమో నీళ్లలో అటూ ఇటూ తిప్పి వదులు. ఏబీఎస్ సాంద్రత 1.04, పీబీటీ 1.31 దగ్గర, చిక్కటి ఉప్పునీళ్లు 1.2. అందుకే ఒకటి తేలి ఒకటి మునుగుతుంది, మామూలు నీళ్లలో అయితే రెండూ మునుగుతాయి. నౌపడ ఉప్పు అయినా ప్యాకెట్ ఉప్పు అయినా ఒకటే.

పలాస గేమర్:
తిప్పి వదిలాను, మళ్లీ తేలింది. అది ఒక్కటే మెరుస్తోంది కూడా, ఇన్నాళ్లూ నా బొటనవేలి దోషమనుకున్నాను.

బొబ్బిలి సర్వీస్:
పొడుగు బిళ్ల పీబీటీతో వంకర పోకుండా చేయడం కష్టం, అందుకే కొందరు అది ఒక్కటీ ఏబీఎస్ పెడతారు. ఎలాగూ దాని మీద అక్షరం ఉండదు. ఈ పరీక్ష ప్లాస్టిక్కే చెబుతుంది, అచ్చు ఏదో చెప్పదు.

ఆమదాలవలస జిరాక్స్:
కొన్న రోజే గోళ్ల రంగు, రంగులేనిది, ఒక పూత వేసేయండి అక్కా. మా ఇంట్లో చేశాం, ఏడాదైంది అలగే ఉంది.

బొబ్బిలి సర్వీస్:
నేను వేయను. దాంట్లో ఉండే సాల్వెంటు ఏబీఎస్‌ని తింటుంది, ఇంకు కూడా చెదిరి మరకలా పారిన కీబోర్డులు నా టేబుల్ మీదకి రెండొచ్చాయి.

ఆమదాలవలస జిరాక్స్:
మాకైతే ఏటీ అవలేదు మరి. పల్చగా వేశాం.

రాజాం మాస్టారు:
ఏ బ్రాండ్ రంగు, ఏ కీబోర్డు ఇంకు అన్నదాన్ని బట్టి ఉంటుందేమోనండి, ఒకరికి బాగుందని అందరికీ అవ్వదు. పోయే పరిస్థితిలో ఉన్న జె మీద ముందు చూసుకోవచ్చు.

నరసన్నపేట డీటీపీ:
రంగు వేయనులెండి. ఇప్పటికి తెలుగు స్టిక్కర్లు తెప్పించి డి, ఎఫ్, ఈ, జె, కె మీద అంటించాను, బట్టకి నీళ్లు తడిపి జిడ్డు తుడిచి బాగా ఆరాకే. ఇంకో డౌటు, స్టిక్కర్ల అంచులు కూడా లేస్తాయి కదా?

బొబ్బిలి సర్వీస్:
లేస్తాయి. లామినేషన్ ఉన్నవి అయితే ఆర్నెల్లు పైన వస్తాయి. పాపకి నేర్పడానికి ఆ మాత్రం చాలు, డి మీద ఒకటి ఎక్కువ తెప్పించుకోండి.

నరసన్నపేట డీటీపీ:
రెండు ఎక్కువ తెప్పించాను, పొల్లుకి.