లోన్ యాప్ ప్రైవసీ పాలసీ: మొత్తం చదవాలా, వెతికి చూస్తే చాలా?

శ్రీలక్ష్మి: మా తమ్ముడు ఒక యాప్ ద్వారా 30,000 రూపాయల అప్పు తీసుకోబోతున్నాడు. పాలసీ ఇంగ్లీషులో చాలా పొడవుగా ఉంది. మన వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో, ఎన్నాళ్లు ఉంచుకుంటారో అంతా చదవకుండా తేల్చుకోవచ్చా?

వెంకట్: అంత శ్రమ అవసరం లేదండీ. ప్లే స్టోర్‌లో యాప్ పేజీలోనే డేటా సేఫ్టీ అనే భాగం ఉంటుంది. ఎవరితోనూ డేటా పంచుకోవడం లేదని అక్కడ రాసి ఉంటే పాలసీ తెరవనక్కర్లేదు. గూగుల్ పరిశీలించకుండా అలా ఎందుకు పెడుతుంది?

మాధవి: వెంకట్ గారూ, అది మొదట చూడవలసిందే గాని, ఆ వివరాలు నింపేది యాప్ తయారుచేసినవారే. పైగా, తమ తరఫున పనిచేసే సంస్థలకు పంపే డేటాను పంచుకోవడంగా చూపనక్కర్లేదని గూగుల్ నిబంధనలే చెబుతున్నాయి. అందువల్ల పాలసీ తెరవక తప్పదు.

శ్రీలక్ష్మి గారూ, పాలసీని ఫోన్‌లో క్రోమ్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో `Find in page` నొక్కి, ముందుగా `third part` అని వెతకండి. చివరి అక్షరాలు వదిలేస్తే ఏకవచనమూ బహువచనమూ రెండూ దొరుకుతాయి. ఆ తర్వాత `affiliate`, `partner`, `disclos` వెతకండి. నేను ఈమధ్య చూసిన ఒక పాలసీలో, "మీ సమాచారాన్ని మా అనుబంధ సంస్థలతోను, రుణ భాగస్వాములతోను, ఇతరులతోను వ్యాపార అవసరాల కోసం పంచుకోవచ్చు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. ఎవరికి, ఏ వివరం, దేనికి అని అడిగితే, ఆ వాక్యం ఒక్కదానికీ జవాబు చెప్పదు. అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు రాసి ఉంటే కొంత నయం. "ఇతరులు" అన్న మాట చేరిందంటే, ముందు రాసిన పేర్లకు హద్దు లేనట్టే.

ఎన్నాళ్లు ఉంచుకుంటారో తెలియాలంటే `retain`, `reten` రెండూ వెతకాలి. అదే పాలసీలో, "చట్టం కోరినంత కాలం లేదా మా వ్యాపార అవసరాలు తీరేవరకు" అని ఉంది. మొదటి సగానికి ఒక కొలత ఉంది. మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం కేవైసీ పత్రాలను ఖాతాదారుతో సంబంధం ముగిసిన తర్వాత 5 ఏళ్లు ఉంచవలసిందే. "లేదా" తర్వాత వచ్చిన సగానికి ఏ కొలతా లేదు కాబట్టి, ఆ వాక్యం మొత్తానికే గడువు లేకుండా పోయింది.

రఫీ: నేను అప్పు తీర్చేసి యాప్ కూడా తీసేశాను. అయినా లోన్ కావాలా అని ఎవరెవరో ఫోన్ చేస్తున్నారు. ఇవన్నీ చదివినందువల్ల ఏం లాభం?

మాధవి: రఫీ గారూ, యాప్ తీసేస్తే మీ ఫోన్‌లోది పోతుంది గాని, వాళ్ల సర్వర్‌లో ఉన్నది పోదు. పాలసీలో `delete`, `withdraw`, `grievance` వెతికి, అక్కడ ఇచ్చిన ఈమెయిల్‌కు తొలగింపు కోరుతూ రాయండి. ఇప్పటికే ఇతరుల చేతికి వెళ్లిన నంబరును వెనక్కి తెప్పించడం మాత్రం కష్టమే, అందుకే అప్పు తీసుకునే ముందే చూడాలంటున్నాను.

సుబ్బారావు: మాధవి గారి పద్ధతి త్వరగా అవుతుంది గాని, నాకు పూర్తి నమ్మకం లేదు. పాలసీలో ఒక్క మాటా దొరకకపోయినా, అప్పు ఒప్పందపత్రంలో సమ్మతి పేరుతో అన్నీ రాసుకునే సంస్థలు ఉన్నాయి. ఆ పత్రం కూడా మొత్తం చదవాలని నా అభిప్రాయం.

మాధవి: ఒప్పందపత్రం సంగతి మీరు చెప్పింది నిజమే, అందులోనూ అవే మాటలు వెతకాలి. మొత్తం చదవమంటే మాత్రం చాలామంది అసలు తెరవరు.

శ్రీలక్ష్మి: వెతికాను. `contact` దగ్గర, "రిఫరెన్సుల కోసం కాంటాక్టుల జాబితాను చూడవచ్చు" అని ఉంది. మిగతాదంతా బాగానే ఉంది, కాల పరిమితి కూడా స్పష్టంగా రాశారు.

మాధవి: అయితే ఆ ఒక్క వాక్యం చాలు, వద్దనుకోవడానికి. రుణ యాప్‌లు కాంటాక్టుల జాబితా, కాల్ వివరాలు, ఫోన్‌లోని ఫైళ్లు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే ఆదేశించింది. కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి కూడా కేవైసీ కోసం, సమ్మతితో, ఒక్కసారికి మాత్రమే అడగవచ్చు. ఇద్దరి పేర్లు, నంబర్లు మీ తమ్ముడు తానే టైపు చేసి ఇవ్వడం వేరు, జాబితా మొత్తం తెరిచి ఇవ్వడం వేరు.

సుబ్బారావు: ఆ ఇద్దరిని అడగకుండా వాళ్ల నంబర్లు ఇవ్వడం కూడా నాకు సమ్మతం కాదు. రేపు వసూలు ఫోన్లు వెళ్లేది వాళ్లకే కదా?

వెంకట్: ఆ అనుమతి నిరాకరించి యాప్ వాడుకోవచ్చేమో చూడమనండి. పని జరిగితే చిక్కేముంది?

మాధవి: పని జరగవచ్చు. అయినా అడగకూడనిదాన్ని పాలసీలోనే రాసుకున్న సంస్థకు ఆధార్, పాన్ ఇవ్వడానికి నేనైతే ఒప్పుకోను.