టైటిల్‌లో ట్విస్ట్ ఉందని చెప్పినా స్పాయిలరేనా?

మాది విజయనగరం, మొదటి రోజే సినిమా చూసి యూట్యూబ్‌లో రివ్యూ పెడతాను. ఈసారి ఒక థ్రిల్లర్. ఎడిటింగ్ చేసే మా తమ్ముడు "క్లైమాక్స్ ట్విస్ట్‌కి మైండ్ బ్లాక్, పబ్లిక్ టాక్" అని పెడదామంటాడు. వీడియోలో మాట్లాడేది నేనొక్కడినే, ఇంక పబ్లిక్ ఎక్కడ? పైగా ట్విస్ట్ ఉందని ముందే తెలిస్తే చూసేవాళ్లు ప్రతి పాత్రనీ అనుమానిస్తూ కూర్చుంటారు.

టైటిల్‌కి 100 అక్షరాల వరకు చోటున్నా ఫోన్‌లో చివరి ముక్క తెగిపోతుంది కాబట్టి, సినిమా పేరు, రివ్యూ అన్న మాట ముందు పెట్టి తర్వాత "సెకండాఫ్ నిలబడిందా? స్పాయిలర్లు లేవు" అని రాశాను, దానికి జవాబు వీడియో మొదట్లోనే చెప్తున్నాను. కానీ చాలామంది వెతికేది movie review telugu అని ఇంగ్లిష్ అక్షరాల్లో కదా. టైటిల్‌లోనే రెండు లిపులూ కలపాలా, లేక డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లో రాస్తే సరిపోతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి బాబూ.