ఆర్ఎంపీకి కమిషన్ ఇవ్వకుండా కర్నూల్లో ప్రాక్టీస్ నిలబడుతుందా?

కొత్త యూరాలజిస్ట్, కర్నూలు
ఎంసీహెచ్ అయిపోయాక ఎన్.ఆర్. పేటలో క్లినిక్ తెరిచి మూడు నెలలయింది. రోజుకు నాలుగైదు ఓపీలు, అంతే. ఊళ్ల నుంచి ఆర్ఎంపీలు వచ్చి కూర్చుంటున్నారు. "ఆపరేషన్ మీద ముప్పై శాతం సార్, అందరూ ఇచ్చేదే" అంటున్నారు. నాకు ఇవ్వబుద్ధి కావడం లేదు. కానీ ఎవరినీ కలవకుండా కూర్చుంటే పేషెంట్లు ఎలా వస్తారు? ఎంతవరకు పరిచయం, ఎక్కడి నుంచి పేషెంట్లను అడుక్కోవడం? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హాస్పిటల్ పీఆర్ఓ
సార్, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. కమిషన్ ఇవ్వకూడదన్న మెడికల్ కౌన్సిల్ రూల్స్ 2023లోనే ఆపేశారు. పైగా అవి డాక్టర్లకే, హాస్పిటల్‌కి కాదు. డబ్బు మీ చేత్తో ఇవ్వకండి, హాస్పిటల్ పేరు మీద 'మార్కెటింగ్' అని రాసి ఇవ్వండి. నేను పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఒక్క డాక్టర్‌కూ నోటీసు రాలేదు. నెలకోసారి ఆర్ఎంపీలకు భోజనం పెట్టండి, ఓపీ దానంతటదే పెరుగుతుంది.

ఆదోని సర్జన్
పీఆర్ఓ గారు చెప్పిందాంట్లో సగమే నిజం. 2023 ఆగస్టులో ఆగింది అదే నెల వచ్చిన కొత్త నిబంధనలు. వాటిని పక్కన పెట్టగానే 2002 నాటి పాతవే మళ్లీ అమల్లోకి వచ్చాయి. పేషెంట్‌ను పంపినందుకు ఇచ్చేదైనా, పుచ్చుకునేదైనా, గిఫ్టయినా, కమిషనయినా తప్పని వాటిలో సూటిగానే ఉంది. స్కానింగ్‌కీ, ల్యాబ్ శాంపిల్‌కీ అదే మాట. పేషెంట్లను పట్టి తెచ్చే ఏజెంట్లను పెట్టుకోకూడదని ఇంకో చోట విడిగా రాశారు.

హాస్పిటల్ కంపెనీ మీద మెడికల్ కౌన్సిల్ చెయ్యి వెయ్యలేదన్నది నిజమే. కానీ అక్కడ ఆపరేషన్ చేసే డాక్టర్ రిజిస్ట్రేషన్ కౌన్సిల్ చేతిలోనే ఉంటుంది. ఏదైనా కేసు వికటించి కంప్లైంట్ వెళ్లిన రోజున 'మార్కెటింగ్' ఖాతా మీ పీఆర్ఓని కాపాడుతుందేమో గానీ మిమ్మల్ని కాపాడదు. ఫ్రంట్ ఆఫీస్ రిజిస్టర్‌లో 'పంపినవారు' అని ఒక గడి ఉంటుంది చూడండి, దాని పక్కనే పెన్సిల్‌తో అంకె రాసి ఉంటుంది. రిజిస్టర్ బయటికి వస్తే మొదట చూసేది ఆ గడినే.

రూల్ సంగతి అటుంచి, మీ లైన్లో లెక్క చెప్తాను. మూత్రనాళంలో రాయికి ఎండోస్కోపీ, ప్యాకేజీ 35,000 అనుకుందాం. మత్తు డాక్టరుకు 4,000, వైరూ స్టెంటూ ఇతర సామాను 8,000, థియేటరు, రెండు రోజుల రూము, నర్సులు 8,000, మందులు 5,000. అంటే 25,000 పోయింది, మీకు మిగిలింది 10,000. ముప్పై శాతమంటే 10,500. కేసు చేసి, ఎదురు అయిదొందలు మీ జేబులోంచే ఇస్తారు. అందుకని అందరూ ప్యాకేజీ 50,000 చేస్తారు. అప్పుడు ఆర్ఎంపీకి 15,000, ఖర్చు 25,000, మీకు మళ్లీ అదే 10,000. మీరు ఉన్నచోటే ఉన్నారు, పేషెంట్ మీద మాత్రం పదిహేను వేలు పడ్డాయి.

అసలు ప్రమాదం ఆ పదిహేను వేలు కూడా కాదు. కింది మూత్రనాళంలో అయిదు మిల్లీమీటర్ల రాయి ఉంటే, జ్వరం లేకపోతే, చాలామందికి మందులతో, నీళ్లతో నాలుగు వారాల్లో అదే పడిపోతుంది. కానీ ఓపీ ఫీజు మీద కమిషన్ ఏముంటుంది? తెచ్చినాయన బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. మీరు "మందులు వాడు, నెల తర్వాత స్కాన్ తీయించుకుని రా" అంటే ఆయన మొహం మాడిపోతుంది, తర్వాతి కేసు పక్క వీధికి పోతుంది. ఆ బెంచీని చూసి చెయ్యక్కర్లేని ఆపరేషన్లు చేసిన వాళ్లను నేనెరుగుదును. చిన్న వయసులో నేనూ ఒకటి రెండు చేశాను, దాచేదేముంది.

పత్తికొండ ఆర్ఎంపీ
అందరూ మమ్మల్నే దొంగల్ని చేస్తారు సార్. రాత్రి రెండు గంటలకు మనిషి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే తలుపు తీసేది నేను. కారు మాట్లాడేది నేను. ఒక్కోసారి డబ్బులు కూడా నేనే సర్దుతాను. మొన్న కర్నూలు దాకా పోయి రావడానికి 2,200 అయింది, ఆ ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు. వైఎస్ హయాంలో ప్రభుత్వమే మాకు ట్రైనింగ్ మొదలుపెట్టింది, తర్వాత వదిలేసింది. మేమేమన్నా పనికిరానివాళ్లమా?

ఆదోని సర్జన్
పనికిరారని ఎవరూ అనలేదన్నా. మీరు తెచ్చిన పేషెంట్‌ను చూడొద్దని ఏ రూలూ లేదు, చూసి తీరాలి. కారు కిరాయి మాత్రం పేషెంట్ ఇంటివాళ్లే ఇవ్వాలి. హాస్పిటల్ ఇవ్వడం మొదలుపెడితే 2,200 కాస్తా ఆరు నెలల్లో శాతం అవుతుంది.

హాస్పిటల్ పీఆర్ఓ
కిరాయి కూడా ఇవ్వకూడదంటే మనిషి చచ్చిపోవాలా సార్? రసీదు తీసుకుని ఇస్తే తప్పేంటి?

అనంతపురం లాయర్
మాకూ ఇదే గొడవ. నా పేరుతో రీల్స్ చేస్తానని ఒక కుర్రాడు వచ్చాడు, నెలకు ఎనిమిది వేలట. బార్ కౌన్సిల్ 36వ రూల్ ఒప్పుకోదు కదా? వెబ్‌సైట్ పెట్టుకోవచ్చని 2008లో మార్చారని విన్నాను. విజిటింగ్ కార్డు మీద 'మాజీ బార్ అసోసియేషన్ అధ్యక్షుడు' అని వేసుకోవచ్చా?

ఆదోని సర్జన్
లాయర్ గారూ, మీది వేరే టాపిక్ పెట్టండి, నాకు డాక్టర్ల సంగతే తెలుసు. 36వ రూల్లోనే బార్ అసోసియేషన్ పదవుల మాట ఉంది, కార్డు ప్రింటుకిచ్చే ముందు అది చదవండి.

కడప ఆడిటర్
ఒక్క మాట కలుపుతాను. చట్టం వద్దన్న పనికి పెట్టిన ఖర్చును ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకోరు. డాక్టర్లకు మందుల కంపెనీలిచ్చే బహుమతుల కేసులో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే అంది. ఒక స్కానింగ్ సెంటర్ డాక్టర్లకిచ్చిన కమిషన్ మీద అంతకు ముందే పంజాబ్, హర్యానా హైకోర్టు కూడా అదే చెప్పింది. మీరు ఏడాదిలో పది లక్షలు కవర్లలో ఇచ్చారనుకోండి, ముప్పై శాతం శ్లాబులో ఉంటే ఆ చేతుల్లో లేని పది లక్షల మీద మళ్లీ మూడు లక్షలు, పైన సెస్సు. 'మార్కెటింగ్' అని రాసి నగదు చూపిస్తే, ఎవరికిచ్చారని ఆఫీసరు అడుగుతాడు. పేరు చెప్తే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా. నా క్లయింటు ఒకాయన ఆ ప్రశ్నకు జవాబు రాయలేక రెండు రాత్రులు నిద్రపోలేదు.

కొత్త యూరాలజిస్ట్, కర్నూలు
లెక్క బాగా అర్థమైంది సార్. ఇవ్వను, సరే. మరి ఏం చెయ్యాలి?

ఆదోని సర్జన్
మొదట పేపర్లో ప్రకటన. ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు, అడ్రస్ మారినప్పుడు, ఫీజులు చెప్పడానికి ప్రకటన వెయ్యొచ్చు, అది రూల్లోనే ఉంది. పేరు, డిగ్రీ, స్పెషాలిటీ, చోటు, టైము రాస్తే చాలు. 'రాయలసీమలో మొట్టమొదటిసారిగా' వంటి మాటలు వద్దు. బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద మీ ఫొటో వేసుకోవడమే తప్పు. మన ఎన్.ఆర్. పేటలో ఫొటో లేని ఫ్లెక్సీ వెతుక్కోవాల్సిందే అనుకోండి, అయినా తప్పు తప్పే.

తర్వాత, ఎంబీబీఎస్ డాక్టర్లు. ఆదోని, నంద్యాల, డోన్, గద్వాల వైపు జనరల్ ప్రాక్టీస్ చేసేవాళ్లను ఐఎంఏ మీటింగుల్లో కలవండి. "కేసులు పంపండి" అని అడగొద్దు. 'రాయి కేసులో ఎవరిని ఆ రాత్రే పంపాలి, ఎవరిని మీరే చూసుకోవచ్చు' అని ఇరవై నిమిషాలు మాట్లాడండి. రాయితో పాటు చలిజ్వరం వస్తే, ఒక్క కిడ్నీయే ఉంటే, మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ రాత్రే పంపాలి. మిగతావాటిలో చాలా వరకు వాళ్లే చూడొచ్చు. పంపక్కర్లేని కేసు ఏదో చెప్పిన స్పెషలిస్టును జనరల్ డాక్టర్లు మర్చిపోరు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, కానీ ఎవరూ చెయ్యరు. పంపిన డాక్టరుకు జవాబు ఉత్తరం. ఆరు లైన్లు. ఏం కనబడింది, ఏం చేశాను, ఏ మందు ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు రావాలి. స్టెంట్ వేస్తే తీయాల్సిన తేదీ ఎర్ర సిరాతో. స్టెంట్ మర్చిపోయిన వాళ్లను చూశారుగా? నొప్పి తగ్గింది కదా అని ఇంటికి పోతారు, ఏడాది తర్వాత దాని చుట్టూ రాయి పేరుకుని, అప్పుడు తీయడం పెద్ద ఆపరేషన్. ఆ తేదీ ఊళ్లో ఉన్న డాక్టరుకు తెలిస్తే ఆయనే పంపిస్తాడు. నేను వచ్చిన మొదటి రెండేళ్లలో నా ప్రాక్టీస్ ఆ ఉత్తరాల మీదే నిలబడింది. ఆదోనిలో ఒక పెద్దాయన నా ఉత్తరాలన్నీ ఫైల్లో పెట్టుకునేవాడు.

ఆర్ఎంపీ తెచ్చిన పేషెంటయితే ఆ ఉత్తరం పేషెంట్ చేతికే ఇవ్వండి. స్కాన్‌నూ పేరునూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అది పేషెంట్ రహస్యం.

పత్తికొండ ఆర్ఎంపీ
మరి మాకు మీటింగ్ పెట్టకూడదా? మాకు తెలిస్తే ఊరికి మంచిదే కదా సార్. చలిజ్వరం సంగతి నాకిప్పుడే తెలిసింది.

ఆదోని సర్జన్
ఇక్కడ నా దగ్గర పూర్తి జవాబు లేదన్నా. ఏ లక్షణం వస్తే వెంటనే పంపాలో చెప్పడం ప్రజారోగ్యమే. పబ్లిక్ మీటింగుల్లో ఆరోగ్యం గురించి మాట్లాడొచ్చని రూల్లోనే ఉంది. కానీ చివర్లో 'ట్రైనింగ్ పూర్తి చేశారు' అని సర్టిఫికెట్ పంచితే గొడవ. చదువు లేనివాళ్లకు ఆధునిక వైద్యంలో యోగ్యతా పత్రం ఇవ్వకూడదు. అది మీ షాపులో గోడకు వేలాడి, కింద నా సంతకం ఉంటే మీ ఇంజెక్షన్లన్నిటికీ నేను సాక్షినవుతాను. భోజనం, బహుమతి బ్యాగు పెడితే మాత్రం అది పాఠం కాదు, పేషెంట్ల కోసం చేసే విందు. కొందరు మిత్రులు నాతో ఒప్పుకోరు, భోజనం పెడితే ఏమవుతుంది అంటారు.

హాస్పిటల్ పీఆర్ఓ
ఆరు నెలల తర్వాత మీ ఓపీ ఎంతో ఇక్కడే రాయండి డాక్టర్ గారూ, అప్పుడు మాట్లాడదాం.

కొత్త యూరాలజిస్ట్, కర్నూలు
రాస్తాను. ఒక చిన్న డౌట్ సార్. మా బిల్డింగ్ ఓనర్ తమ్ముడికి ఆర్టీసీ బస్టాండ్ దగ్గర మెడికల్ షాపు ఉంది. నన్నడగకుండా దాని మీద నా పేరుతో బోర్డు కట్టాడు, డిగ్రీలతో, ఫొటోతో. పేషెంట్లకు దారి తెలుస్తుందని అంటున్నాడు.

ఆదోని సర్జన్
మీరు కూర్చోని చోట, అందులోనూ మందుల షాపు మీద డాక్టర్ బోర్డు ఉండటమే తప్పు, ఫొటో సంగతి తర్వాత. ఈ రాత్రికే దించెయ్యండి. దించాక ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తేదీ పడేలా.