అప్‌డేట్: మిరపకాయ బజ్జీలు ఇప్పుడు నూనె పీల్చడం లేదు

నా ప్రశ్న: "ఇంట్లో వేసే మిరపకాయ బజ్జీలు చేత్తో పట్టుకుంటే నూనె కారుతున్నాయి. కారణం ఏంటి?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరింది. గుంటూరులో మా వీధి చివర బజ్జీల బండి నడిపే పిన్నిగారు ఇంటికొచ్చి చూశారు. మొదటి వాయి బాగానే వచ్చింది, రెండోదే మెత్తబడింది. చిన్న మూకుడులో ఒకేసారి ఎనిమిది వేస్తే నూనె చల్లబడిపోతోందని, బుడగలు నీరసంగా రావడమే దానికి గుర్తని చూపించారు. ఇప్పుడు నాలుగే వేస్తున్నాను. పిండి చుక్క వేస్తే అడుగుకు వెళ్లి వెంటనే పైకి తేలాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లు 175 డిగ్రీల దగ్గర ఉంచుకోండి.

నేను కలిపిన పిండి కూడా మరీ పలచగా ఉంది, అదీ తప్పే. మిరపకాయను ముంచి ఎత్తితే పిండి జారిపోకుండా మందంగా అంటుకోవాలి. నీళ్లు ఎక్కువైతే అవి ఆవిరై పోయిన ఖాళీల్లోకి నూనె చేరుతుందట.

నాకు అసలు తెలియని సంగతి ఇంకొకటి: నూనె ఎక్కువగా లోపలికి వెళ్లేది బజ్జీ బయటికి తీసి చల్లారేటప్పుడే. అందుకే చిల్లుల గరిటెతో తీసి, మూకుడు మీదే గట్టిగా విదిలించి, జల్లెడలో విడివిడిగా పెట్టాలి. పేపర్ మీద కుప్పగా పోస్తే కింద ఆవిరి పట్టి మెత్తబడతాయి.

నూనె బ్రాండ్ మార్చమన్నారు కొందరు. పల్లీ నూనె, సన్‌ఫ్లవర్ రెండూ చూశాను, తేడా లేదు.