జాతకంలో «గ.ఘ. 14-20» అంటే మధ్యాహ్నం రెండూ ఇరవయ్యేనా?

టీనగర్ నుంచి: మా చెల్లెలి పాత జాతకం కాగితంలో «సూ.ఉ. గ.ఘ. 14-20» అని ఉంది. ఏప్రిల్ 15, చెన్నైలోనే పుట్టింది. నాన్న దాన్ని రైల్వే టైమ్ అనుకుని ఫారాల్లో 2:20 అని వేశారు. ఆ టైమ్‌తో చూస్తే సింహ లగ్నం, అష్టమంలో కుజుడు, దోషం అన్నారు. వచ్చిన సంబంధం అక్కడే ఆగింది. అసలు ఆ «ఘ.» ఏమిటి?

పెరంబూరు: గడియ అంటే గంటేనండీ. పాత వాళ్ల మాట. అయినా టైమ్ అటూ ఇటూ అయితే నక్షత్రం మారి పొంతన గుణాలన్నీ మారిపోతాయి, జాగ్రత్త.

మాంబళం మాస్టారు: గడియ గంట కాదు, 24 నిమిషాలు. రోజుకి 60. రెండున్నర గడియలైతే గంట. సంస్కృతం «ఘటిక» మన నోట «గడియ» అయింది. ఒత్తు పెట్టి «ఘడియ» అని రాసేది ఆ పాత ఘకారం మీద మోజుతో. మీ కాగితంలో ఉన్నది «సూర్యోదయాది గత ఘటికలు», అంటే సూర్యోదయం నుంచి గడిచినవి. రెండో అంకె విఘటికలు, ఒక్కోటి 24 సెకన్లు. ఇక్కడి తమిళులు ఉదయాది నాళిగై అనేది దీన్నే.

లెక్క వేద్దాం. 14 గడియలు 336 నిమిషాలు, 20 విఘటికలు 8 నిమిషాలు. మొత్తం 5 గంటల 44 నిమిషాలు. ఆ రోజు ఇక్కడ సూర్యోదయం సుమారు 5:57. కాబట్టి పుట్టింది 11:41 ప్రాంతంలో. అప్పుడు మిథున లగ్నం. కుజుడు మీనంలో ఉంటే దశమం అవుతాడు, అష్టమం కాదు. సప్తమాధిపతి కూడా శని పోయి గురుడు వస్తాడు. పెరంబూరు వారూ, లగ్నం సుమారు రెండు గంటలకి మారుతుంది గానీ నక్షత్రం దాదాపు రోజంతా ఉంటుంది. సంధిలో పుడితే తప్ప గుణాలు మారవు.

కొరట్టూరు అక్క: మా వాడు రాత్రి 12:30కి పుట్టాడు. పంచాంగంలో ముందు రోజు వారం రాశారు. అది కూడా తప్పేనా మాస్టారూ?

మాస్టారు: తప్పు కాదమ్మా. మన లెక్కలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. దాన్ని దిద్దించకండి.

టీనగర్: నక్షత్రం స్వాతి, రెండు టైములకీ అదే. కానీ 11:41 అని నమ్మకంగా చెప్పేదెలా?

మాస్టారు: కాగితంలో కింద «రాహు మహాదశ శేషం» అని ఉండాలి, చూడండి.

టీనగర్: ఉంది. 11 సం. 4 నె.

మాస్టారు: స్వాతిలో పుడితే మొదట నడిచేది రాహు దశ, దానికి 18 ఏళ్లు. శేషం అంటే పుట్టేసరికి అందులో మిగిలినది. నక్షత్రం ఒక రోజులో నడుస్తుందనుకుంటే, టైమ్‌లో గంట తేడాకి దశలో తొమ్మిది నెలలు జరుగుతుంది. 2:20కి వేస్తే శేషం తొమ్మిదేళ్ల చిల్లరే రావాలి. 11:41కి వేసి చూడండి.

టీనగర్: వేశాను. 11 ఏళ్ల 4 నెలలే వచ్చింది! 2:20కి 9 ఏళ్ల 4 నెలలు.

మాస్టారు: అంటే రాసినాయన మనసులో ఉన్నది ఏ టైమో తేలిపోయింది. సవరణ అంటే ముందు ఇదే, కాగితాన్ని కాగితంతోనే సరిచూడటం. ఇవేమీ చూడకుండా జీవిత సంఘటనలతో మొదలుపెట్టేవాళ్లంటే నాకు భయం.

వేళచ్చేరి: సంఘటనలతోనే కదండీ జననకాల సవరణ? పెళ్లి, ఉద్యోగం, అమ్మ ఆపరేషన్ తేదీలు అడిగి దశాభుక్తులతో పోల్చి టైమ్ ముందుకీ వెనక్కీ జరుపుతారు. మా వాళ్లకి అలాగే చేశారు.

మాస్టారు: చేస్తారు. కానీ మీకు కావలసిన లగ్నం ఏదో ముందే చెప్పేస్తే, తేదీలు దానికే అతుకుతాయి. తేదీలు మాత్రమే ఇచ్చి, టైమ్ చెప్పకుండా అడగాలి. ఇంకో మెలిక చెబుతాను. రాసినాయన ఏ ఊరి పంచాంగం పట్టాడు? విజయవాడదైతే సూర్యోదయం నాలుగైదు నిమిషాలు ముందు. అప్పుడు 11:36 అవుతుంది. లగ్నం మిథునమే ఉంటుంది గానీ, నవాంశ అంటే రాశిలో తొమ్మిదో వంతు, మిథునంలో ఒక్కోటి సుమారు 14 నిమిషాలే. మీది సరిగ్గా ఎనిమిదో నవాంశ, తొమ్మిదో నవాంశ అంచున పడింది. నవాంశ లగ్నం వృషభమా, మిథునమా అన్నది ఆ నాలుగు నిమిషాల మీదే ఉంది. దాంపత్యం చూసేవాళ్లు నవాంశే ముందు తెరుస్తారు.

టీనగర్: చెల్లెలి ఉద్యోగం, యాక్సిడెంట్ తేదీలు ఒకాయనకి ఇస్తే రెండు నవాంశలకీ సరిపోయాయన్నారు. అమ్మకి గుర్తున్నది ఒక్కటే, పాప పుట్టేసరికి మధ్యాహ్నం క్యారియర్ ఇంకా రాలేదట.

పెరంబూరు: అయితే 2:20 కానే కాదు. గడియ విషయంలో నాదే పొరపాటు.

మాస్టారు: క్యారియర్‌తో లగ్నం దాకా తేలింది. నవాంశ తేలదు. ఫారంలో 11:41 వేసి, పక్కన «సుమారు» అని రాయండి.